డబ్బు చిక్కులు, 4వ పాఠం: యూటీఆర్ నంబరు

పోయిన పాఠంలో బ్యాంకు స్టేట్‌మెంట్ చదవడం చూశాం. అందులో యూపీఐ లైను మధ్యలో 12 అంకెల పొడవాటి సంఖ్య ఒకటి ఉంటుందని చెప్పి వదిలేశాను. దాన్నే యూటీఆర్ అంటారు, ఒక్కో చెల్లింపును గుర్తుపట్టే నంబరు. ఇవాళ దాని సంగతి చూద్దాం.

మార్చి 14, 2025 సాయంత్రం మందుల షాపులో రూ. 840 స్కాన్ చేశాను. నా ఖాతాలో డబ్బు కట్ అయింది, షాపు సౌండ్‌బాక్స్ మాత్రం పలకలేదు. షాపతను "రాలేదు సార్" అంటాడు, నేను మెసేజ్ చూపిస్తాను. చివరికి నగదు ఇచ్చి ఇంటికొచ్చి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. యూటీఆర్ చెప్పమన్నారు. నేను యాప్‌లో పైన కనిపించిన, T అక్షరంతో మొదలయ్యే నంబరు చదివాను. "ఇది మా దగ్గర లేదండీ" అన్నారు. ఉండదు మరి! అది యాప్ తన లెక్క కోసం పెట్టుకున్న నంబరు.

బ్యాంకులకు తెలిసింది ఆ 12 అంకెలదే. మీ బ్యాంకు, అవతలి బ్యాంకు, మధ్యలో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ, ముగ్గురి దగ్గరా ఆ చెల్లింపు ఇదే నంబరుతో ఉంటుంది. ఒక యాప్‌లో `UTR` అని, ఇంకోదాంట్లో `UPI Ref No` లేదా `UPI transaction ID` అని కనిపిస్తుంది. పేరు చూడకండి, అంకెలు లెక్కపెట్టండి. (నెఫ్ట్‌కి 16, ఆర్‌టీజీఎస్‌కి 22 ఉంటాయి, వాటిలో అక్షరాలు కూడా కలుస్తాయి.)

నాది ఇలాంటిదనుకోండి: 507318462095. చాలాసార్లు మొదటి 5 అంటే 2025, తర్వాతి 073 అంటే ఏడాదిలో 73వ రోజు, అంటే మార్చి 14. తేదీతో పొంతన కుదరకపోతే వేరే చెల్లింపు నంబరు చదువుతున్నామేమోనని ఒకసారి చూసుకోవచ్చు.

అదే రూ. 840 ఆ రోజు వేలమంది కట్టి ఉంటారు. పేరు, మొత్తం, సమయం చెబితే వాళ్లు వెతుక్కోవాలి. యూటీఆర్ చెబితే ఒకే లైను తెరపైకి వస్తుంది. నాకూ అలాగే దొరికింది: షాపు బ్యాంకు నుంచి ధ్రువీకరణ రాలేదట. ఆర్‌బీఐ 2019 నిబంధన ప్రకారం షాపు చెల్లింపైతే అయిదు రోజుల్లో డబ్బు వెనక్కి రావాలి. దాటితే రోజుకు రూ. 100 బ్యాంకే ఇవ్వాలి.

ఫిర్యాదు ఇలా రాయండి:

"14-03-2025 సాయంత్రం 7:10కి నా ఖాతా నుంచి రూ. 840 కట్ అయ్యాయి, షాపుకు చేరలేదు. యూటీఆర్ 507318462095."

స్క్రీన్‌షాట్ జతచేసినా నంబరు మాత్రం టైప్ చేయండి. బొమ్మలోంచి అంకెలు ఎక్కించుకునేటప్పుడే 6, 8 తారుమారవుతాయి. పిన్, ఓటీపీ అడిగితే మాత్రం ఫోన్ పెట్టేయండి. ఫిర్యాదుకు అవి అక్కర్లేదు.

ఒక పరిమితి ఉంది. మీరే పొరపాటున వేరేవాళ్లకు పంపితే, యూటీఆర్ డబ్బు ఎక్కడికి వెళ్లిందో చూపిస్తుంది గానీ వెనక్కి తేలేదు. అవతలివాళ్లు ఒప్పుకోవాలి.

అభ్యాసం: మీ ఆఖరి చెల్లింపు తెరిచి 12 అంకెలది వెతకండి. అదే సంఖ్య స్టేట్‌మెంట్‌లో ఏ లైనులో ఉందో పట్టుకోండి.