వానాకాలంలో లారీకి సరుకు వేసే ముందు ట్రాన్స్‌పోర్ట్ వాళ్లిచ్చే బిల్టీ రసీదు చూసుకోండి

వరంగల్ కొత్తవాడ నుంచి పోయినేడు జులై 8న 12 బేళ్ల జంపఖానాలు విజయవాడకు వేశాను. సరుకు విలువ 1,44,000, కిరాయి 3,600. దారిలో తాటిపత్రి చిరిగి నాలుగు బేళ్లు తడిశాయి. అంటే 48,000 సరుకు రంగు దిగి పనికిరాకుండా పోయింది. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు ఎక్కువలో ఎక్కువ 36,000 అన్నారు. కోపం వచ్చింది కానీ లెక్క సరైనదే.

2007 నాటి రోడ్డు రవాణా చట్టం, 2011 రూల్స్ ప్రకారం లారీ కంపెనీ బాధ్యత కిరాయికి పది రెట్లు మాత్రమే, అదీ మనం రాసిచ్చిన విలువకు మించకుండా. అంతకన్నా ఎక్కువ కావాలంటే బుకింగ్ అప్పుడే మామూలు కిరాయి కన్నా ఎక్కువుండే హైయర్ రిస్క్ రేటు కడతామని ఒప్పుకుని, ఆ మాట కాగితం మీద రాయించాలి. నేను అడగనే లేదు. ఇంకో తప్పు చాలామంది చేస్తారు, బుకింగ్ అప్పుడు సరుకు వివరాలు రాసిచ్చే ఫార్వర్డింగ్ నోట్‌లో విలువ తక్కువ వేస్తారు. 20,000 అని రాస్తే మీ క్లెయిమ్ ఆ 20,000 దాటదు, ఇన్వాయిస్ ఎంత చూపించినా సరే. బిల్టీ మీద ‘ఓనర్స్ రిస్క్’ ముద్ర చూసి మాత్రం భయపడొద్దు, ఆ ఒక్క ముద్రతో వాళ్ల నిర్లక్ష్యం మాఫీ కాదు. పైగా కోర్టులో వాళ్ల నిర్లక్ష్యాన్ని మనం రుజువు చేయాల్సిన పని కూడా లేదు.

అసలు దెబ్బ డెలివరీ దగ్గర పడుతుంది. విజయవాడ షాపాయన హమాలీల తొందరలో సంతకం పెట్టబోతుంటే ఫోన్‌లో ఆపాను. "అన్నా, బేలు మీద చెయ్యి పెట్టి చూడు, తడి తగిలితే డెలివరీ కాగితం మీదే రాయి" అన్నాను. ఆయన ‘4 బేళ్లు తడిసినవి, నంబర్లు 3, 5, 6, 11’ అని రాసి, డ్రైవర్ సంతకం తీసుకుని, బేళ్లు లారీలో ఉండగానే చిరిగిన తాటిపత్రి, బండి నంబరు, బేళ్ల మీది మార్కు కనిపించేలా ఫోటోలు తీశాడు. ఆ రాత లేకుండా ఉత్త సంతకం పెట్టి ఉంటే ‘సరుకు మంచిగానే చేరింది, మీ గోడౌన్‌లో తడిసింది’ అనేవాళ్లు. తడిసిన బేళ్లు కూడా పారేయకుండా పక్కన పెట్టించాను, వాళ్ల మనిషి వచ్చి చూసి డ్యామేజ్ సర్టిఫికెట్ ఇచ్చేదాకా.

ఇక నోటీసు. కోర్టుకు పోవాలంటే ముందు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి, గడువు బుక్ చేసిన రోజు నుంచి 180 రోజులు. డెలివరీ నుంచి కాదు, చాలామంది ఇక్కడే పోగొట్టుకుంటారు. నా లెక్కన జనవరి 4 దాకా. ‘రేపు సెటిల్ చేస్తాం’ అని ఫోన్‌లో చెప్తుంటే రోజులు అట్లనే గడిచిపోతాయి, అందుకే వారంలోపే రిజిస్టర్డ్ పోస్టులో పంపి, బిల్టీ, ఇన్వాయిస్, రాత ఉన్న డెలివరీ కాపీ జత చేసి, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు ఫైల్‌లో పెట్టుకున్నాను. ఆ 36,000 వచ్చాయి. మిగతా 12,000 నా మీదే పడ్డాయి.

ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ ఉన్నా ఈ నోటీసు వదలొద్దు, ఇన్సూరెన్స్ వాళ్లు కూడా దాని కాపీ అడుగుతారు.