తాళంచెవి బిగుసుకుపోతుంటే: నా అనుభవం

మా వీధి తలుపు తాళంలో చెవి సగం దూరి ఆగేది, తిప్పితే బిగుసుకునేది. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె, గట్టిగా తిప్పడం, ఏవీ పనిచేయలేదు. నూనెతో రెండు రోజులు బాగుండి, ఆ తర్వాత మరింత మొరాయించింది. లోపలి చిన్న పిన్నుల చుట్టూ నూనె దుమ్మును పట్టి జిగురుగా మారుస్తుంది.

ముందు ఆ మడ్డి పోవాలి. ఎలక్ట్రికల్ షాపులో దొరికే కాంటాక్ట్ క్లీనర్‌ను సన్నని గొట్టంతో చెవి రంధ్రంలోకి రెండు మూడుసార్లు కొట్టాను (దగ్గర్లో మంట ఉండకూడదు). వెంటనే చెవిని పదిసార్లు లోపలికీ బయటికీ ఆడించి, ప్రతిసారీ తెల్లగుడ్డతో తుడిచాను. మొదట నల్లటి మరక అంటింది. గుడ్డ శుభ్రంగా వచ్చేదాకా ఇలాగే చేసి, అరగంట ఆరనిచ్చాను. తడిమీద పెన్సిల్ పొడి పడితే ముద్ద కడుతుంది.

తర్వాత నూనెకు బదులు మెత్తటి 6బి పెన్సిల్‌ను చెవి పళ్ళమీదా గాడుల్లోనూ బాగా రుద్ది, లోపల పెట్టి ఇరవైసార్లు తిప్పాను. ఇప్పుడు రెండు వేళ్ళతో తిరుగుతోంది. ఇకపై అందులో నూనె వేయకూడదు.

అన్ని తాళాలకూ ఇది కుదురుతుందని చెప్పలేను. తలుపు తెరిచి ఉన్నప్పుడు సాఫీగా తిరిగి, మూస్తేనే బిగుసుకుంటే తప్పు చెవి దూరే సిలిండర్‌ది కాదు, గడియ ద్వారబంధం రంధ్రానికి సరిగ్గా ఎదురు పడటంలేదు. స్పేర్ చెవి బాగా తిరిగితే పాత చెవి అరిగిందన్నమాట.