రైస్ కుక్కర్ అడుగు విప్పి మల్టీమీటరు పెట్టేముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

రైస్ కుక్కర్ పని మానేసినప్పుడు అడుగు విప్పి, మల్టీమీటరును బజర్ గుర్తు మీదికి తిప్పి, తీగ తీగకూ ప్రోబులు ఆనించి చూడటం ఇప్పుడు చాలా ఇళ్లలో జరుగుతున్న పనే. పని చిన్నదే అయినా ఇందులో రెండు రకాల ప్రమాదాలు ఉన్నాయి. మొదటిది పరీక్షించేటప్పుడు మనకు కరెంటు తగలడం. రెండవది మీటరు చెప్పినదాన్ని తప్పుగా అర్థం చేసుకుని, పాడైన కుక్కరును బాగైందనుకుని మళ్లీ వంటింట్లో పెట్టడం. మొదటిదానికి అందరూ భయపడతారు కాబట్టి కొంతైనా జాగ్రత్త పడతారు. రెండవదాని గురించి ఎవరూ చెప్పరు కాబట్టి దాని మీదే ఎక్కువగా రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేదంతా మీట నొక్కితే వండి, అన్నం ఉడకగానే తనంతట తాను వెచ్చబెట్టే స్థితికి మారే మామూలు కుక్కరు గురించి మాత్రమే. మైక్రోవేవ్ ఓవెన్‌కు ఈ పద్ధతి పనికిరాదు. అందులోని కెపాసిటరు ప్లగ్గు తీసిన తర్వాత కూడా ప్రాణం తీయగల విద్యుత్తును పట్టి ఉంచుతుంది కనుక దాన్ని ఇంట్లో అసలు విప్పకూడదు. ఇండక్షన్ స్టవ్వు లోపల కూడా అలాంటి నిల్వ ఉంటుంది.

మొట్టమొదట చేయవలసినది ప్లగ్గును సాకెట్టు నుంచి పూర్తిగా పీకేయడం. గోడ మీద స్విచ్చి కట్టేస్తే సరిపోతుందని అనుకోకూడదు. వైరింగు చేసినవారు పొరపాటున ఫేజుకు బదులు న్యూట్రల్ తీగను స్విచ్చికి ఇచ్చి ఉంటే, స్విచ్చి కట్టేసినా కుక్కరు లోపలి కాయిల్ దాకా ఫేజు వచ్చే ఉంటుంది. కుక్కరుకు విడిగా వచ్చే తీగ ఉంటే దాన్ని రెండు వైపులా తీసి, పని పూర్తయ్యేవరకు మీ పక్కనే, మీ కంటికి కనిపించేలా పెట్టుకోండి. మీరు పనిలో ఉండగా ఇంట్లో మరొకరు ప్లగ్గు పెట్టే అవకాశం అప్పుడే పూర్తిగా పోతుంది. కుక్కరు వాడి ఉంటే కనీసం ఒక గంట చల్లారనివ్వాలి, ఎందుకంటే హీటింగ్ ప్లేటు దట్టమైన అల్యూమినియం పోత కాబట్టి పైకి వెచ్చగా అనిపించినప్పుడు కూడా లోపల చేయి కాలేంత వేడి ఉంటుంది. బోర్లించేముందు గిన్నె తీసి, లోపల చేరిన గంజినీళ్లు తుడిచి, పొడి బల్ల మీద గుడ్డ పరిచి పని మొదలుపెట్టాలి.

తర్వాత మీటరు. నల్ల లీడు COM అని రాసి ఉన్న రంధ్రంలోనూ, ఎర్ర లీడు VΩmA అని రాసి ఉన్న రంధ్రంలోనూ ఉండాలి. 10A అని రాసిన రంధ్రంలో ఎర్ర లీడును మరిచిపోయినవారు తర్వాత ఎప్పుడైనా అదే మీటరుతో సాకెట్టులో వోల్టేజి చూడబోతే, ఆ క్షణంలోనే షార్టు అయి ప్రోబు కొసలు కరిగి ఎగిరిపడతాయి. ఓమ్‌ల రేంజిలో గానీ బజర్ మీద గానీ ఉన్న మీటరును కరెంటున్న చోట ఎన్నడూ ఆనించకూడదు. ప్రతిసారీ కొలిచేముందు రెండు ప్రోబుల కొసలనూ ఒకదానికొకటి తాకించి, లీడ్లను మెల్లగా అటూ ఇటూ కదిలిస్తూ చూడండి. 0.2 నుంచి 0.5 మధ్య అంకె నిలకడగా కనిపిస్తే లీడ్లు బాగున్నట్టే. అంకె గెంతుతూ ఉంటే లోపల తీగ తెగుతూ ఉందని అర్థం, అలాంటి లీడ్లతో చేసిన ఏ పరీక్షనూ నమ్మకూడదు.

అసలు చిక్కు బజర్‌తోనే వస్తుంది. చవక మీటర్లలో నిరోధం కొన్ని పదుల ఓమ్‌ల లోపు ఉంటేనే బజర్ మోగుతుంది, ఆ హద్దు ఒక్కో మీటరుకు ఒక్కో విధంగా ఉంటుంది. 700 వాట్ల కుక్కరులో హీటింగ్ ప్లేటు ఎన్ని ఓమ్‌లు ఉండాలో ఇంట్లోనే లెక్కకట్టవచ్చు. 230ని 230తో గుణిస్తే 52,900 వస్తుంది, దాన్ని 700తో భాగిస్తే సుమారు 75.6 ఓమ్‌లు. అంటే నిక్షేపంలాంటి ప్లేటు మీద కూడా మీ మీటరు మోగకపోవచ్చు, ప్లేటు కాలిపోయిందనుకుని మీరు దాన్ని పారేయనూ వచ్చు. అదే 1500 వాట్ల కెటిల్ అయితే 35 ఓమ్‌లు కాబట్టి చాలా మీటర్లలో మోగుతుంది. అందుకే ప్లేటులోని కాయిల్‌ను బజర్‌తో కాక 200 ఓమ్‌ల రేంజిలో కొలిచి, వచ్చిన అంకెను కుక్కరు అడుగున ముద్రించిన వాట్ల లెక్కతో సరిచూడాలి. 700 వాట్ల కుక్కరుకు 70కీ 80కీ మధ్య వస్తే ప్లేటు బాగున్నట్టే. ఎడమ వైపు 1 ఒక్కటే నిలిచినా, కొన్ని మీటర్లలో OL అని వచ్చినా కాయిల్ తెగినట్టు. లెక్కకన్నా బాగా తక్కువ వస్తే లోపల ఎక్కడో షార్టు ఉందని గానీ, మీరు కొలుస్తున్నదానికి పక్కనే మరొక దారి కలిసి ఉందని గానీ అనుమానించాలి.

ఆ మరొక దారి సంగతి మా పిన్నిగారి ఇంట్లో ఒక కుక్కరు విప్పినప్పుడు నాకు బాగా తెలిసివచ్చింది. అది 1.8 లీటర్ల, 700 వాట్ల కుక్కరు. అంతకుముందు ఒకసారి అది పూర్తిగా ఆగిపోతే బయట ఒక రిపేరు దుకాణంలో బాగుచేయించారు. "రెండు నిమిషాల్లో చేసిచ్చాడు నాయనా, కానీ అప్పటినుంచీ అడుగు మాడుతోంది. నిన్న మీట పైకి లేచాక కూడా కమురు వాసన ఆగలేదు, భయమేసి ప్లగ్గు పీకేశాను" అని పిన్ని చెప్పింది.

అడుగున మూడు స్క్రూలు తీసి, తీగలు కదిలించకముందే ఫోనుతో ఫోటో తీసుకున్నాను. ప్లేటును విడిగా కొలిస్తే 76 వచ్చింది, అంటే దాని తప్పు లేదు. తర్వాత మధ్యలో అయస్కాంతం ఉన్న థర్మోస్టాటు చూశాను. గిన్నెలో నీరు ఇగిరిపోయి వేడి నూరు డిగ్రీలు కొద్దిగా దాటగానే ఆ అయస్కాంతం పట్టు వదిలి, స్ప్రింగు దాన్ని కిందికి నెట్టి, మీట పైకి లేచి, స్విచ్చి రేకులు విడిపోవాలి. మీట పైకి ఉన్నప్పుడు ఆ రేకుల మీద ప్రోబులు పెడితే 0.4 చూపించింది. విడిపోవలసిన రేకులు కలిసే ఉన్నాయని వెంటనే తీర్మానించడానికి మాత్రం వీల్లేదు. ఈ రకం కుక్కర్లలో వెచ్చగా ఉంచే, వేడికి వంగి తెరుచుకునే చిన్న బైమెటల్ థర్మోస్టాటును అదే స్విచ్చికి సమాంతరంగా కలుపుతారు, అది చల్లగా ఉన్నప్పుడు మూసుకునే ఉంటుంది. కాబట్టి స్విచ్చి బాగున్నా బాగులేకున్నా మీటరు ఒకే అంకె చూపిస్తుంది. బైమెటల్‌కు వెళ్లే ఒక తీగ కొసన నొక్కి బిగించిన లోహపు లగ్గును ముక్కు పటకారుతో లగ్గు పట్టుకునే లాగి (తీగ పట్టుకుని లాగితే క్రింపు ఊడుతుంది) మళ్లీ కొలిచాను. అప్పుడు కూడా 0.4 వచ్చింది. అంటే రేకుల కొసలు వేడికి కరిగి నిజంగానే అతుక్కుపోయాయి. టార్చి వేసి చూస్తే నల్లటి చిన్న బొడిపెలాగా కనిపించింది. ఏ భాగాన్నైనా కొలిచేముందు కనీసం ఒక వైపు తీగ విప్పాలని పట్టుబట్టేది ఇందుకే.

ఇక మిగిలింది థర్మల్ ఫ్యూజు. ఇది బియ్యపుగింజకన్నా కొంచెం పెద్దగా, లోహపు గొట్టంలా ఉండి, తెల్లని గాజునార తొడుగు లోపల ప్లేటును ఆనుకుని ఉంటుంది. స్విచ్చి అతుక్కుపోయి ప్లేటు హద్దు మీరి వేడెక్కితే శాశ్వతంగా తెగిపోవడమే దాని పని. తొడుగు రెండు చివర్లా కొలిస్తే 0.3 వచ్చింది, బజర్ కూడా గట్టిగా మోగింది. మీటరు మాటతో తృప్తిపడి ఉంటే ఫ్యూజు బాగుందనే రాసుకునేవాణ్ణి. తొడుగు పక్కకు జరిపి చూస్తే లోపల ఫ్యూజు లేనే లేదు, మెలితిప్పిన రాగి తీగ ముక్క ఉంది. తెగిన ఫ్యూజును తీసేసి "డైరెక్ట్" చేశారన్నమాట. ఆ ఫ్యూజు ఎందుకు తెగిందో వెతకకుండా కాపలాను తీసేసినందువల్లే అన్నం మాడటం దగ్గర మొదలైనది కమురు వాసన దాకా వచ్చింది. ప్లగ్గు పీకకపోతే తర్వాత కరిగేవి తీగల తొడుగులు. దయచేసి పరీక్ష కోసమని, ఒక్కపూట కోసమని కూడా థర్మల్ ఫ్యూజును డైరెక్ట్ చేయకండి, చేసినవారిని మెచ్చుకోకండి.

ఫ్యూజు తెగితే దాని మీద ముద్రించిన డిగ్రీలూ, ఆంపియర్లూ అవే ఉన్నదాన్నే వేయాలి. ఎక్కువ డిగ్రీలది దొరికిందని వేస్తే అది తెగవలసిన సమయానికి తెగదు. టంకం వేస్తే ఆ వేడికే కొత్తది తెగిపోతుంది కాబట్టి క్రింపు చేసి, గాజునార తొడుగే తిరిగి వేయాలి. ప్లాస్టిక్ తొడుగు ప్లేటు వేడికి ఆగదు.

మూత బిగించేముందు ఇంకో రెండు కొలతలు తప్పనిసరి. ప్లగ్గులో పైన ఉండే పెద్ద ఎర్తు పిన్నుకూ కుక్కరు లోహపు ఒంటికీ మధ్య, రంగు లేని చోట గానీ స్క్రూ తల మీద గానీ ఆనించి చూస్తే, ఒక ఓమ్‌కు లోపే రావాలి. అది రాకపోతే ఎర్తు తెగినట్టే, మిగతా అన్నీ బాగున్నా ఆ కుక్కరును వాడకూడదు. రెండవది, మిగిలిన రెండు పిన్నుల్లో ఒక్కొక్కదానికీ ఒంటికీ మధ్య మీటరులో ఉన్న అన్నిటికన్నా పెద్ద ఓమ్‌ల రేంజిలో చూస్తే ఏ అంకే రాకూడదు, 1 ఒక్కటే నిలవాలి. ఈ కొలత తీసేటప్పుడు ప్రోబుల లోహపు కొసలను రెండు చేతులతోనూ ముట్టుకోకండి, లేకపోతే మీ ఒంటి నిరోధమే మీటరులో కనిపిస్తుంది. అంకె ఏదైనా వస్తే అక్కడితో పని ఆపేయాలి. వర్షాకాలంలో చాలాకాలం వాడకుండా ఉన్న కాయిల్ తేమ పట్టి కూడా ఇలా చూపించవచ్చు. అయితే 1 వచ్చినంత మాత్రాన లీకేజీ లేదని పూర్తిగా నమ్మడానికి లేదు, ఎందుకంటే మల్టీమీటరు తన చిన్న బ్యాటరీ వోల్టేజితోనే పరీక్షిస్తుంది. 230 వోల్టుల దగ్గర బయటపడే లీకేజీని ఎలక్ట్రీషియన్ 500 వోల్టులు పెట్టి ఇన్సులేషన్ కొలిచే మెగ్గరు అనే మీటరుతోనే చూడగలడు. కుక్కరు ముట్టుకుంటే ఒక్కసారైనా షాకు కొట్టిందని ఇంట్లోవారు చెబితే మల్టీమీటరుతో సరిపెట్టుకోకుండా ఆ పరీక్ష చేయించండి.

పిన్నిగారి కుక్కరుకు అతుక్కున్న రేకులను గరుకు కాగితంతో రుద్దలేదు, స్విచ్చి మొత్తం మార్చాను. రుద్దిన కొసలు మళ్లీ త్వరగా అతుక్కుంటాయి. రాగి తీగ తీసి సరైన ఫ్యూజు క్రింపు చేశాను. బైమెటల్ తీగ తిరిగి తగిలించకముందే, మీట నొక్కినప్పుడు 0.4, వదిలినప్పుడు 1 అని స్విచ్చిని విడిగా నాలుగుసార్లు చూసి, అప్పుడు అన్నీ కలిపి మూత బిగించాను. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ ఉన్న సాకెట్టులో, గిన్నెలో అరకప్పు నీళ్లు మాత్రమే పోసి, ప్లగ్గు పెట్టి మీట నొక్కి, ఒంటిని ముట్టుకోకుండా పక్కన నిలబడ్డాం. నీళ్లు మరిగి ఇగిరిపోయిన కాసేపటికి మీట టక్కుమని పైకి లేచి, వెచ్చబెట్టే దీపం వెలిగింది. ఈసారి వాసన రాలేదు, ప్లేటు క్రమంగా చల్లబడుతోందని తెలిసేవరకు ఇంకో పది నిమిషాలు అక్కడే ఉన్నాం.