పెడల్ తొక్కగానే స్వరాలన్నీ అలుక్కుపోతున్నాయా?

పియానో మొదలుపెట్టిన కొన్ని నెలలకి చాలామంది అడిగేది ఒకటే. పెడల్ లేకుండా వాయిస్తే పొడిపొడిగా ఉంది, తొక్కితే అంతా కలిసిపోయి ఏ స్వరం ఏదో తెలియట్లేదు, మరి ఏం చెయ్యాలి అని. సాధారణంగా ఇక్కడ తప్పు పెడల్‌ని వాడటంలో ఉండదు, కాలు ఎప్పుడు పైకి లేస్తోంది అన్నదాంట్లో ఉంటుంది. అందుకే ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నా, మిగతావి క్లుప్తంగా.

ముందు లోపల ఏం జరుగుతుందో చూడండి. ప్రతి కీకి ఒక సుత్తి ఉంటుంది, దాంతోపాటు తీగల మీద ఆని ఉండే ఫెల్ట్ ముక్క ఒకటి ఉంటుంది, దాన్ని డాంపర్ అంటారు. కీ నొక్కితే ఆ ఒక్క డాంపర్ లేస్తుంది, వదిలితే మళ్లీ తీగ మీద పడి మోత ఆపేస్తుంది. కుడివైపు పెడల్, అంటే సస్టైన్ పెడల్, తొక్కితే అన్ని డాంపర్లూ ఒకేసారి లేస్తాయి. అప్పుడు మీరు నొక్కిన తీగలు మాత్రమే కాదు, నొక్కనివి కూడా వాటితో పాటు సన్నగా మోగుతాయి. మామూలు పియానో దగ్గర ఉంటే పెడల్ తొక్కి పట్టి, మూత తెరిచి లోపలికి గట్టిగా "ఆ" అనండి, తీగలు ఆ స్వరాన్ని తిరిగి పలుకుతాయి. పెడల్ వేస్తే శబ్దం నిండుగా అనిపించేది ఇందుకే, అలుక్కుపోయేదీ ఇందుకే. ఇంకో సంగతి, పియానోలో కుడి చివర ఉండే సుమారు ఇరవై కీలకి డాంపర్లే ఉండవు, ఆ సన్నటి స్వరాలు ఎలాగూ త్వరగా ఆగిపోతాయి కాబట్టి. అక్కడ కీ వదిలినా మోత ఆగకపోతే పియానో పాడైందని కంగారు పడకండి.

సమస్య: కార్డ్ మారినా పాత కార్డ్ వెంటబడుతోంది

కార్డ్ అంటే కలిపి నొక్కే స్వరాల గుంపు. సి మేజర్ కార్డ్ నుంచి ఎఫ్ మేజర్‌కి వెళ్తున్నారు అనుకుందాం. మొదటిది సి, ఇ, జి. రెండోది సి, ఎఫ్, ఎ. పెడల్ తీయకుండా రెండోది వాయిస్తే పాత "ఇ", కొత్త "ఎఫ్" పక్కపక్కనే మోగుతాయి. ఆ రెండింటి మధ్య దూరం అర స్వరమే, చెవికి గరగరలాడేది అదే. తర్వాత జి మేజర్‌కి వెళ్తే "బి" వచ్చి పాత "సి"తో మళ్లీ అదే గొడవ.

కారణం ఏంటంటే, కొత్తగా నేర్చుకునేవాళ్లు చేయి, కాలు రెండూ ఒకేసారి దించుతారు. కార్డ్ నొక్కేటప్పుడే పెడల్ తొక్కుతారు. చప్పట్లు కొట్టేటప్పుడు కాలితో తాళం వేసినట్టు, శరీరానికి అదే సహజం. కానీ ఆ క్షణంలో పాత కార్డ్ మీది వేళ్లు ఇంకా పూర్తిగా లేచి ఉండవు, కాబట్టి పెడల్ పాతదాన్నీ కొత్తదాన్నీ కలిపి పట్టేస్తుంది.

సరైన పద్ధతి దీనికి తలకిందులుగా ఉంటుంది. చేయి కిందికి వెళ్లే క్షణంలో కాలు పైకి లేవాలి. కొత్త కార్డ్ మోగాక, వేళ్లు ఇంకా కీల మీదే ఉండగా, కాలు మళ్లీ కిందికి రావాలి. అంటే పెడల్ ఎప్పుడూ చేతి తర్వాతే.

దీన్ని అలవాటు చేసుకోవడానికి మెట్రోనోమ్ 60 మీద పెట్టండి. ఒకటికి సి మేజర్ నొక్కండి, రెండుకి పెడల్ తొక్కండి, మూడు, నాలుగు అలాగే ఉంచండి. మళ్లీ ఒకటికి ఎఫ్ మేజర్ నొక్కుతూ కాలు పైకి తీయండి, రెండుకి తొక్కండి. తర్వాత జి, మళ్లీ సి. మొదట్లో చేయీ కాలూ పోట్లాడుకుంటాయి, అందుకని ముందు ఎడమ చేతితో ఒక్కొక్క స్వరం మీదే చేసి చూడండి. అది నిలకడగా వచ్చాక కాలు దించే సమయాన్ని రెండు నుంచి కొంచెం కొంచెం ముందుకి జరపండి, కార్డ్ మోగిన వెంటనే తొక్కేదాకా.

బాగా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి నేను నేర్చుకునేవాళ్ల చేత చేయించే పరీక్ష ఒకటుంది. ఎఫ్ మేజర్‌కి మారి పెడల్ తొక్కాక, రెండు చేతులూ కీల మీంచి పూర్తిగా తీసేసి ఒడిలో పెట్టుకోండి. ఇప్పుడు పెడల్ పట్టుకున్నది మాత్రమే వినపడుతుంది. అందులో "ఇ" ఇంకా వినిపిస్తే కాలు సగమే లేచింది, లేదా లేచి మరీ తొందరగా దిగింది. సి, ఎఫ్, ఎ తప్ప ఇంకేమీ వినపడకపోతే సరిగ్గా వచ్చినట్టే. ఎడమ చేతిలో మంద్ర స్వరాలు ఉంటే కాలు పైన ఇంకొంచెం సేపు ఉంచండి. ఆ తీగలు లావుగా, పొడవుగా ఉంటాయి కదా, డాంపర్ పడ్డా మోత ఆగడానికి ఎక్కువ సేపు పడుతుంది.

సమస్య: కార్డ్ల మధ్య గుంట పడినట్టు ఖాళీ వస్తోంది

ఇది పైదానికి ఎదురు. అలుక్కుపోతోందని భయపడి, కొత్త కార్డ్ రాకముందే కాలు ఎత్తేస్తున్నారు. లేదా కాలు సరిగ్గానే ఉంది, కానీ పెడల్ తొక్కకముందే వేళ్లు కీలు వదిలేస్తున్నాయి. రెండింటికీ తేడా తెలుసుకోవడం తేలికే. ఖాళీ కొత్త కార్డ్‌కి ముందు వస్తే కాలిది తప్పు, కొత్త కార్డ్ మోగిన వెంటనే ఆగిపోతే వేళ్లది. పెడల్ పూర్తిగా కిందికి దిగిందని పాదానికి తెలిసేదాకా కీలు వదలకండి.

సమస్య: సమయం సరిగ్గానే ఉంది, అయినా మురికిగా ఉంది

అయితే అక్కడ పెడల్ అవసరమే లేకపోవచ్చు. పక్కపక్క స్వరాల మీద నడిచే చోట ఎంత జాగ్రత్తగా తొక్కినా కలిసిపోతుంది. మనవాళ్లలో చాలామంది కీబోర్డ్ మీద సరళీ స్వరాలతో మొదలుపెడతారు, అవి మాయామాళవగౌళలో ఉంటాయి. ఆ రాగంలో స-రి, గ-మ, ప-ద, ని-స నాలుగు చోట్లా అర స్వరం దూరమే. పెడల్ వేసి వాయిస్తే అంతకంటే ఘోరంగా కలిసిపోయేది ఇంకోటి దొరకదు. సరళీ, జంట స్వరాలకి, స్కేల్స్‌కి, వేళ్ల ఎక్సర్‌సైజులకి, తెగ్గొట్టి వాయించే స్టకాటోకి పెడల్ దగ్గరికి పోకండి.

ఏ పాటలో ఎక్కడ వేయాలో తెలియాలంటే ఒక బార్‌లో, అంటే నొటేషన్‌లో రెండు నిలువు గీతల మధ్య, ఉన్న స్వరాలన్నీ ఒకే కార్డ్‌కి చెందినవా అని చూడండి. ఉదాహరణకి అందరూ వాయించాలనుకునే బీతోవెన్ "ఫర్ ఎలీస్" తీసుకుందాం. మొదట వచ్చే "ఇ, డి షార్ప్, ఇ, డి షార్ప్" ఆట మొత్తం పెడల్ లేకుండానే, ఎందుకంటే అవి పక్కపక్క స్వరాలు. తర్వాత ఎడమ చేయి కింది "ఎ" మీద దిగుతుంది, అక్కడ తొక్కండి. ఆ బార్‌లో ఎడమ చేతి ఎ, ఇ, ఎ, కుడి చేతి సి, ఇ, ఎ అన్నీ ఎ మైనర్‌వే, హాయిగా కలుస్తాయి. తర్వాతి బార్‌లో ఎడమ చేయి "ఇ"కి దిగుతుంది, "జి షార్ప్" వస్తుంది, ఇది ఇ మేజర్. ఇక్కడ మార్చకపోతే "ఎ", "జి షార్ప్" కొట్టుకుంటాయి, కాబట్టి ఆ కింది "ఇ" మీద కాలు ఎత్తి మళ్లీ తొక్కండి. మూడో బార్‌లో మళ్లీ ఎ మైనర్, మళ్లీ మార్చండి. కానీ ఈసారి బార్ చివర్లో "ఇ, డి షార్ప్" మళ్లీ మొదలవుతుంది, ఆ "ఇ" రాకముందే కాలు పైకి వచ్చేయాలి. ఎక్కువమంది జారిపోయేది సరిగ్గా ఇక్కడే.

సినిమా పాటలకీ ఇదే లెక్క, కార్డ్ మారినప్పుడల్లా పెడల్ మార్చాలి, బార్ గీత చూసి కాదు. ఒక బార్‌లో రెండు కార్డ్లుంటే రెండుసార్లు మార్చాలి.

మరి అసలు ఎప్పుడు మొదలుపెట్టాలి?

నా అభిప్రాయం సూటిగా చెప్తా. ఒక చిన్న పాటని రెండు చేతులతో, పెడల్ లేకుండా, వేళ్లతోనే స్వరాల్ని తెగకుండా కలిపి వాయించగలిగితే మొదలుపెట్టొచ్చు. వేళ్లతో కలపగలిగిన చోట పెడల్‌తో కలిపితే ఆ వేళ్లు ఎప్పటికీ నేర్చుకోవు. చేయి అందనంత దూరం దూకాల్సిన చోట, ఎడమ చేయి కార్డ్‌ని విడగొట్టి పరిచే చోట, పాట చివర పొడుగ్గా మోగాల్సిన కార్డ్ దగ్గర, ఈ మూడు చోట్ల మొదలుపెడితే చాలు. కొత్త పాటని ఎప్పుడూ ముందు పెడల్ లేకుండానే నేర్చుకోండి. చిన్న పిల్లలకి మడమ నేలకి ఆనకపోతే కుర్చీ అంచుకి జారి మరీ తొక్కించకండి, నడుము వంగిపోతుంది.

సమస్య: పెడల్ తిరగబడి పనిచేస్తోంది

డిజిటల్ పియానో వాడేవాళ్లకి ఇది. తొక్కితే మోత ఆగుతోంది, వదిలితే సాగుతోంది. చాలా కీబోర్డ్లు ఆన్ చేసిన క్షణంలో పెడల్ ఏ స్థితిలో ఉందో చూసి దాన్నే "వదిలిన స్థితి" అనుకుంటాయి. ఆఫ్ చేయండి, పెడల్ పిన్ను గట్టిగా గుచ్చండి, కాలు దాని మీద లేకుండా మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ అలాగే ఉంటే పెడల్ అడుగున చిన్న స్విచ్ ఉందేమో చూసి అటుది ఇటు జరపండి. ఆ స్విచ్ లేని పెడల్ అయితే కీబోర్డ్ సెట్టింగుల్లో పోలారిటీ అని ఉంటుందేమో వెతకండి.

కీబోర్డ్‌తో పాటు వచ్చే చదరపు పెడల్ చాలావరకు మామూలు స్విచ్చే, తొక్కితే ఉంది, వదిలితే లేదు. దాంతో సగం తొక్కడం కుదరదు, కార్డ్ మార్చడం నేర్చుకోవడానికి మాత్రం సరిపోతుంది. నున్నటి నేల మీద అది జారి గోడ దాకా పోతుంది, కింద రబ్బరు మ్యాట్ వేయండి. చిన్న కీబోర్డ్ల మీద ఉండే సస్టైన్ బటన్‌ని పెడల్ అనుకోవద్దు. అది ప్రతి స్వరానికీ కొంచెం తోక తగిలిస్తుందంతే, మీరు కావాలనుకున్న చోట ఆపలేరు.

సమస్య: ప్రతిసారీ ధబ్‌మని చప్పుడు, పిక్క నొప్పి

కాలు మొత్తం ఎత్తి తొక్కుతున్నారు. మడమ నేల మీదే ఉండాలి, బొటనవేలి కింది కండ భాగంతో తొక్కాలి, వదిలినప్పుడు కూడా పాదం పెడల్‌ని తాకుతూనే ఉండాలి. చాలా పియానోల్లో మొదట కొంత దూరం ఊరికే దిగుతుంది, ఆ తర్వాతే డాంపర్లు లేవడం మొదలవుతుంది. ఆ చోటు ఎక్కడుందో పాదంతో వెతికి పెట్టుకుంటే అంత దూరం నుంచి తొక్కాల్సిన పని ఉండదు.

మిగతా రెండు పెడల్స్ ఏం చేస్తాయి?

ఎడమది శబ్దం మెత్తబరచడానికి. గ్రాండ్ పియానోలో అది సుత్తుల వరుస మొత్తాన్ని కొంచెం కుడికి జరుపుతుంది, మూడు తీగలున్న చోట రెండింటినే కొట్టేలా. అందుకని శబ్దం తగ్గడమే కాదు, రంగు కూడా మారుతుంది. నిలువు పియానోలో సుత్తుల్ని తీగలకి దగ్గర చేస్తుందంతే. మెత్తగా వాయించడం వేళ్లతో వచ్చేదాకా దీన్ని ముట్టుకోకపోవడం మంచిది.

మధ్యది గ్రాండ్‌లో అయితే, తొక్కే క్షణంలో మీరు నొక్కి ఉంచిన స్వరాల్ని మాత్రమే పట్టుకుంటుంది. మిగతావి మామూలుగా ఆగిపోతాయి. నిలువు పియానోల్లో చాలావాటికి అది ప్రాక్టీస్ పెడల్, సుత్తులకీ తీగలకీ మధ్య ఫెల్ట్ గుడ్డ దింపుతుంది. ఇంట్లో పియానో ఉన్నట్టుండి గొంతు పోయినట్టు మోగుతుంటే మెకానిక్‌ని పిలిచేముందు ఇది చూడండి, ఎవరో మధ్య పెడల్‌ని తొక్కి పక్కకి జరిపి లాక్ చేసి ఉంటారు.