పాత బండి కొనుగోలు, 4వ పాఠం: ‘డబ్బు మధ్యలో భద్రంగా ఉంటుంది’ అన్నప్పుడు

ఈ వారం బదిలీ కాగితాల గురించి చెప్పాల్సింది. అది వాయిదా వేస్తున్నాను. పోయిన పాఠంలో బండి నంబరు ప్రభుత్వం వారి ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడమన్నాను కదా, చాలామంది చూశారు. ‘మోడల్ సరిపోయింది, ఇన్సూరెన్సు ఉంది, అందుకే ధైర్యంగా డబ్బు వేశామండి’ అని రాజోలు నుంచీ పాలకొల్లు నుంచీ రాశారు. అవి చదివి బాధేసింది.

ఆ యాప్ బండి గురించి చెబుతుంది, అమ్ముతానన్న మనిషి గురించి చెప్పదు. మోసగాడు ఎవరో నిజంగా అమ్మకానికి పెట్టిన బండి ఫొటోలూ ఆర్సీ ఫొటోలూ తీసుకుని తన ప్రకటనలో పెడతాడు. బండి నిజమైనదే కాబట్టి వివరాలన్నీ సరిపోతాయి.

అమలాపురం కుర్రాడి సంగతే చూద్దాం. యాక్టివా 28 వేలకే అని ప్రకటన. అదే ఏడాది మోడల్ వాళ్ల ఊళ్లో 45 వేలకి తక్కువ రావట్లేదు. అవతలివాడు ఆర్మీలో ఉన్నానని, విశాఖ నుంచి జమ్మూకి బదిలీ అయిందని చెప్పాడు. యూనిఫాం ఫొటో, గుర్తింపు కార్డు, క్యాంటీన్ కార్డు పంపాడు. బండి లారీకి ఎక్కించేశాం, రవాణా ఖర్చు 2,150 రూపాయలు వేయమన్నాడు. వేశాడు. మర్నాడు ‘డ్రైవర్ని, రావులపాలెం దాకా వచ్చాను’ అని ఇంకొకడి ఫోన్. మిగతా 25,850 ఎస్క్రోలో వేయాలట. ‘డబ్బు నాకు రాదు తమ్ముడూ, మధ్యలో కంపెనీ దగ్గర ఉంటుంది, బండి చూసి నువ్వు సరే అన్నాకే నాకిస్తారు’ అని లింకు పంపాడు. డబ్బు వేయగానే అది భద్రంగా ఉందని పేజీలో కనిపించింది. గంటలో ఇంకో కబురు: ఫైలు చార్జీ 6,500 కట్టాలి, అది తిరిగి వచ్చేస్తుంది. అదీ కట్టాడు. మొత్తం 34,500. ఆ తరవాత 9 వేలు అడిగితే అప్పుడు బావగారికి చెప్పాడు.

ఈ ‘తిరిగి వచ్చేస్తుంది’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే నాకు వచ్చిన ప్రతి ఉత్తరంలోనూ అది ఉంది. అడిగే మొత్తం చాలాసార్లు అప్పటికే ఇరుక్కున్న డబ్బు కన్నా తక్కువగా ఉంటుంది. 6,500 కోసం 25,850 పోగొట్టుకుంటామా అనిపిస్తుంది. కానీ ఒక్కసారి ఆలోచించండి. మీ 25,850 నిజంగా వాళ్ల దగ్గర భద్రంగా ఉంటే, అందులోంచే 6,500 కోసుకోవచ్చు కదా? అడ్డేమిటి? జీఎస్టీ అనండి, ఇన్సూరెన్సు అనండి, ‘పైసల్లో తేడా వచ్చింది, మళ్లీ మొత్తం వేయండి’ అనండి, పేరేదైనా ఇదే ప్రశ్న వేసుకోండి. ఇచ్చిన దాంట్లోంచి కోసుకోలేనివాడి దగ్గర మీ డబ్బు జమలో లేదు, ఎప్పుడో తీసేసుకున్నాడు.

నిజమైన ఎస్క్రో అంటే కొనేవాడూ అమ్మేవాడూ రాతపూర్వకంగా ఒప్పుకున్న షరతుల మీద బ్యాంకు ఖాతాలో డబ్బు ఉంచడం. పెద్ద వ్యాపార ఒప్పందాలకి పెట్టుకుంటారు. 28 వేల స్కూటరుకి ఆ తతంగం ఎవరూ పెట్టుకోరు. అమ్మేవాడు పంపిన లింకులో కనిపించే పేజీ అతను తయారు చేయించుకున్నదే. యూపీఐలో పిన్ కొట్టే ముందు డబ్బు చేరేవాడి పేరు కనిపిస్తుంది, అది చదవండి. మన కుర్రాడికి కంపెనీ పేరు కాక ఎవరో మనిషి పేరు కనిపించింది. అడిగితే ‘మా అకౌంటెంటు’ అన్నారు. అక్కడే ఆగాల్సింది.

నా పద్ధతి చెబుతాను. సాయంత్రానికి వెళ్లి రాలేని ఊళ్లో ఉన్న బండి ధర కూడా నేను అడగను. బండి ముందు నిలబడి, చాసిస్ నంబరు ఆర్సీతో పోల్చి, నడిపి చూశాకే అడ్వాన్సు. అదైనా ఆర్సీలో ఉన్న పేరూ యూపీఐలో కనిపించే పేరూ ఒకటే అయితేనే. ‘మా ఆవిడ ఖాతా’ అంటే నిజమే కావచ్చు, అప్పుడు ఆర్సీ యజమానిని ఎదురుగా కూర్చోబెట్టి బండి పేరు మార్పిడికి వాడే 29, 30 ఫారాల మీద సంతకాలయ్యాకే ఇస్తాను. ఫైనాన్సు ఉన్న బండైతే ఇదీ చాలదు, అది వచ్చే పాఠంలో.

డబ్బు ఇప్పటికే వేసేసినవాళ్లు వాడితో బేరాలాడుతూ కూర్చోకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లావాదేవీ స్లిప్పులో ఉండే యూటీఆర్ నంబరు దగ్గర పెట్టుకోండి. డబ్బు ఇంకా ఏదో ఖాతాలో ఉంటేనే ఆపగలరు. అది చేతులు మారాక కష్టం. cybercrime.gov.in లో కూడా రాయొచ్చు. మీ బ్యాంకుకీ చెప్పండి.

అభ్యాసం: మీ ఊరి ధర కన్నా బాగా తక్కువకి కనిపించిన మూడు ప్రకటనలు తీసుకోండి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ‘మా బంధువు ఆ ఊళ్లోనే ఉన్నాడు, ఈ సాయంత్రం వచ్చి చూస్తాడు, ఏ వీధి?’ అని అడగండి. ఆధార్ గానీ ఓటీపీ గానీ ఇవ్వకండి, లింకులు నొక్కకండి. వాళ్లు చెప్పిన జవాబు ఉన్నదున్నట్టు రాసి పంపండి. వీధి పేరు చెప్పినవాళ్లవి ఒక పక్క, కంటోన్మెంటులోకి బయటివాళ్లని రానివ్వరనో, బండి అప్పటికే పార్శిలైపోయిందనో అన్నవాళ్లవి ఇంకో పక్క రాయండి.