సొంత చీటీ చిక్కు ఎలా తీరిందంటే

కావలిలో మా చర్చి యూత్ 12 మందిమి క్రిస్మస్‌కి చీటీలు తీసి బహుమతులు ఇచ్చుకుంటాం. తన పేరే వస్తే చీటీ డబ్బాలో వేసి ఇంకోటి తీయడం మా పద్ధతి. పోయినేడాది చివరి అక్కకి తన చీటీ ఒక్కటే మిగిలింది. పాపం, చాలా చిన్నబోయింది.

ముగ్గురితో రాసి చూశాను. రాణి, వాసు, సీత వరసగా తీస్తారు. సరైన పంపకాలు రెండే. రాణికి సీత పేరు వస్తే వాసుకి రాణి, సీతకి వాసు తప్పదు. రాణికి వాసు పేరు వస్తే మాత్రం సగంసార్లు వాసుకి రాణి వచ్చి, సీతకి సీతే మిగులుతుంది. అలా చిక్కుపడ్డప్పుడు మళ్లీ మొదలుపెట్టినా, మొదటి పంపకం రెండోదానికి రెట్టింపుసార్లు వస్తుంది. అంటే పాత పద్ధతిలో పక్షపాతం కూడా ఉంది!

ఈసారి అందరం చీటీలు తీసి, ఒకేసారి విప్పాం. ఒక్కరికి సొంత పేరు వచ్చినా అందరివీ వెనక్కి వేసి కలపాలి. ఆ ఒక్కరిదే మార్చకూడదు. ఇలా చేస్తే సరైన పంపకాలన్నిటికీ సమాన అవకాశం. ఒక్కో విడత కుదిరే అవకాశం దాదాపు 37 శాతం, సగటున మూడు విడతల్లోపే. మాకు రెండోసారికే కుదిరింది.