కిక్కిరిసిన బేలో రాత్రి లంగరు జారుతుంటే: సమస్య - పరిష్కారం

స్పెయిన్ దీవి మయోర్కా చుట్టుపక్కల బేలు వేసవిలో సాయంత్రానికి పడవలతో నిండిపోతాయి. 12 మీటర్ల అద్దె యాట్, మొత్తం గొలుసే ఉన్న లంగరు అనుకుని చెబుతున్నాను.

సమస్య: రివర్స్‌లో లాగితే లంగరు పట్టడం లేదు

గొలుసు మీద చెయ్యి పెట్టి చూడండి. లంగరు పట్టి ఉంటే గొలుసు బిగుసుకుని ఊరుకుంటుంది, జారుతుంటే గడగడమని అదురు చేతికి తెలుస్తుంది. ఇక్కడ ఎక్కువగా కారణం పొసిడోనియా అనే సముద్రపు గడ్డి. లంగరు మొన దాని వేళ్ల మీదే జారిపోతుంది, లేదా ఒక కుచ్చును పట్టుకుని మట్టిలోకి దిగదు. పైగా ఆ గడ్డి మీద లంగరు వేయడాన్ని మయోర్కా ఉన్న బాలెయారిక్ దీవుల ప్రభుత్వం 2018 డిక్రీతో నిషేధించింది కూడా. నీళ్లలో లేత రంగులో కనిపించే ఇసుక మచ్చ వెతికి, లంగరు పైకి తీసి, గడ్డి దులిపి, మళ్లీ వేయండి.

రాత్రంతా ఉండాలంటే రొక్నా లాంటి కొత్త రకం లంగరు మేలు, గాలి దిశ మారినా అది సాధారణంగా తిరిగి దిగుతుంది. డాన్‌ఫోర్త్ అనే చదునైన రెక్కల లంగరు ఇసుకలో గట్టిగా పడుతుంది కానీ, లాగే దిశ తిరగబడితే ఊడిపోవచ్చు, రెక్కల మధ్య గవ్వో గడ్డో ఇరుక్కుంటే మళ్లీ పట్టదు. అందుకే దాన్ని రాత్రికి ప్రధాన లంగరుగా నేను నమ్మను.

సమస్య: సాయంత్రం బాగానే పట్టింది, అర్ధరాత్రి గాలి లేచాక జారింది

ఇక్కడ తొంభై శాతం లెక్కలోనే తేడా ఉంటుంది అని నా అనుమానం. లోతు మీటరు 4.5 చూపింది, 5:1 స్కోప్, అంటే లోతుకు ఐదు రెట్లు గొలుసు కదా అని 22.5 మీటర్లు వదిలారు. కానీ ఆ సెన్సర్ నీటి కింద అర మీటరు లోతున ఉంది (మీటరులో ఆ సవరణ పెట్టి ఉందో లేదో అడగండి), పడవ ముందున గొలుసు దిగే రోలరు నీటికి మీటరు ఎత్తులో ఉంది. అసలు ఎత్తు 6 మీటర్లు, అంటే మీ స్కోప్ 3.75 మాత్రమే. 30 మీటర్లు వదలాలి. గాలి బాగా పెరుగుతుందంటే 7:1, అంటే 42. మధ్యధరాలో పోటు స్వల్పం కాబట్టి సరిపోతుంది, పోటు ఎక్కువుండే చోట రాత్రి పెరిగే నీటిమట్టం కూడా కలపాలి.

సమస్య: పక్క పడవ మీదికి వచ్చేస్తోంది

30 మీటర్ల గొలుసుకు పడవ పొడవు కలిపితే మీరు తిరిగే వృత్తం వ్యాసార్థం దాదాపు 42 మీటర్లు. అందరూ ఒకే పొడవు వదిలితే కలిసే తిరుగుతారు, కానీ పక్కవాళ్లు తాడు వేసినా, కాటమరాన్ అయినా తీరు వేరు, గాలి పడిపోయినప్పుడు మరీ. వేసేముందే "ఎన్ని మీటర్లు వదిలారు?" అని అడగండి, మొహమాటం అక్కర్లేదు. ఆలస్యంగా వచ్చినవాళ్లే జరగాలన్నది రివాజు. చోటు చాలక స్కోప్ తగ్గించుకోవాలనిపిస్తే ఆ బే వదిలేయడమే నయం.

పడవ చోటు దాటితే మోగే జీపీఎస్ అలారం పెట్టుకుంటే, దాని కేంద్రాన్ని లంగరు నేలకు తగిలిన క్షణంలో గుర్తుపెట్టండి, గొలుసు వదిలాక పడవ ఉన్నచోట కాదు. అది మోగితే ముందు ఇంజిన్ స్టార్ట్ చేయండి. వెనక ఖాళీ ఉంటే ఇంకో 10 మీటర్లు వదిలి చూడొచ్చు. లేకపోతే లంగరు ఎత్తి, బయటి అంచున కాస్త లోతైన చోట, పెరిగిన లోతుకు తగ్గ గొలుసుతో మళ్లీ వేయండి.